కర్ణాటక యుద్ధాల కారణాలు: స్లైడ్ల నుంచి ఒక్కపుట పునశ్చరణ పత్రం వరకు

వ్యాససంగ్రహం

డిగ్రీ, పీజీ తరగతుల్లో చరిత్ర పాఠాలు ఎక్కువగా స్లైడ్ల రూపంలో నడుస్తున్నాయి. పరీక్షకు ముందు విద్యార్థి వాటిని ఒక్క పుటకు కుదించుకోవలసి వస్తుంది. ఈ కుదింపులో పేర్లు, తేదీలు సాధారణంగా నిలుస్తాయి. ఒక సంఘటన మరొక సంఘటనకు ఎలా దారితీసిందో చెప్పే సంబంధం జారిపోతుంది. 1746-1763 మధ్య మూడు విడతలుగా సాగిన కర్ణాటక యుద్ధాల కారణాలను ఉదాహరణగా తీసుకొని, స్లైడ్లలోని అంశాలను కార్యకారణ శృంఖలలుగా మార్చే పద్ధతిని, ఆ పద్ధతిలో దొర్లే పొరపాట్లను, దాని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. మూడు యుద్ధాలకూ ఒకే కారణాల జాబితా సరిపోదని, మొదటి యుద్ధ ఫలితమే రెండవ యుద్ధానికి కారణంగా మారిన తీరును చూపడమే ఆ పుటకు వెన్నెముక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కర్ణాటక యుద్ధాలు, కార్యకారణ శృంఖల, పునశ్చరణ పత్రం, ఉత్తర సర్కారులు, డూప్లే, బుస్సీ, చరిత్ర బోధన.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ ఉత్తర శివారులోని యాప్రాల్ ఒకవైపు సికింద్రాబాద్ కంటోన్మెంటుకు, మరొకవైపు బొల్లారానికి చేరువలో ఉంది. ఆ పరిసరాల్లో చదువుకునే విద్యార్థికి సైనిక స్థావరాలు రోజూ కనిపించే దృశ్యమే. నిజాం రాజధానికి ఇంత దగ్గరగా ఇంగ్లీషు సైన్యం శాశ్వతంగా ఎందుకు దిగింది అనే ప్రశ్నకు సమాధానం వెతుకుతూ వెనక్కి వెళితే, దారి ఏదో ఒక చోట కర్ణాటక యుద్ధాల పాఠాన్ని తాకుతుంది. అయితే ఆ పాఠం విద్యార్థికి అందేది విడివిడి వాక్యాల రూపంలో. నలభై స్లైడ్ల పాఠంలో ‘కారణాలు’ అనే శీర్షిక మూడు నాలుగు సార్లు వస్తుంది. ప్రతిసారీ దాని కింద నాలుగైదు చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక నామవాచకం ఉంటాయి.

ఆ నామవాచకాలను కంఠస్థం చేసిన విద్యార్థి ‘కర్ణాటక యుద్ధాలకు కారణాలను వివరించండి’ అనే ప్రశ్నకు సమాధానం రాయగలడు. ‘1748లో ఐరోపాలో సంధి కుదిరిన తరువాత కూడా ఇక్కడ యుద్ధం ఎందుకు మళ్లీ మొదలైంది?’ అని అడిగితే మాత్రం ఆగిపోతాడు. ఆ ప్రశ్నకు అవసరమైన సమాచారమంతా అతని స్లైడ్లలోనే ఉంటుంది. దాన్ని కలిపే క్రియాపదం మాత్రం ఎక్కడా ఉండదు. ఒక్కపుట పత్రం చేయవలసిన పని ఆ క్రియాపదాన్ని తిరిగి తేవడమే.

2. జాబితా దాచే భేదాలు

కర్ణాటక యుద్ధాల కారణాల స్లైడులో సాధారణంగా కనిపించే అంశాలు ఆరు: ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీల వ్యాపార స్పర్ధ, మొగలు అధికార క్షీణత, ఆస్ట్రియా వారసత్వ యుద్ధం, హైదరాబాద్ వారసత్వ వివాదం, ఆర్కాటు వారసత్వ వివాదం, డూప్లే రాజ్యకాంక్ష. ఈ ఆరూ ఒకే పరిమాణం అక్షరాల్లో, ఒకే రకం చుక్కల కింద నిలబడటం వల్ల సమాన హోదా గల కారణాలుగా కనిపిస్తాయి. నిజానికి ఇవి మూడు వేర్వేరు రకాలవి.

మొదటి రకం నేపథ్యం. వ్యాపార స్పర్ధ, మొగలు అధికార క్షీణత ఈ కోవకు చెందుతాయి. ఇవి యుద్ధానికి చాలా ముందునుంచే ఉన్నాయి. కాబట్టి యుద్ధం ఎందుకు సాధ్యమైందో ఇవి చెప్పగలవు గాని, 1746లోనే ఎందుకు మొదలైందో చెప్పలేవు. రెండవ రకం నిమిత్తం. ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలో 1744లో ఫ్రాన్సు, బ్రిటన్‌లు ప్రత్యక్షంగా తలపడటం, 1748లో నిజాం ఉల్ ముల్క్ మరణించడం వంటివి నిమిత్తాలు. వీటికి నిర్దిష్ట కాలం ఉంటుంది. మూడవ రకం లంకె. నేపథ్యం, నిమిత్తం కలిసినప్పుడు ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, ఆ నిర్ణయం తరువాతి సంఘటనకు ఎలా దారితీసింది అని చెప్పేది లంకె. స్లైడ్లలో ఎక్కువగా లోపించేది ఈ మూడవ రకమే.

డూప్లే రాజ్యకాంక్ష అనే అంశం ఈ మూడింటిలో దేనిలోనూ సులువుగా ఇమడదు. అది ఒక వ్యక్తి స్వభావం గురించిన తీర్పు. 1749లోనే ఇంగ్లీషువారు తంజావూరు వారసత్వ తగాదాలో జోక్యం చేసుకొని దేవికోటను సంపాదించారు. స్థానిక వివాదంలో సైన్యాన్ని దించి భూభాగం పొందే ప్రయత్నం ఒక్క డూప్లేకు మాత్రమే పరిమితం కానప్పుడు, ఆ ప్రయత్నానికి మూలం వ్యక్తి స్వభావానికి అవతల కూడా వెతకాలి. ఇటువంటి అంశాన్ని పుటలో పెట్టేటప్పుడు అతని కాంక్షను కాక, అతను చేసిన పనిని రాయడం క్షేమం: ‘డూప్లే చందాసాహెబు, ముజఫర్ జంగ్‌లకు సైన్యం అందించాడు’. పనికి తేదీ ఉంటుంది, ఫలితం ఉంటుంది. దానికి బాణం గుర్తు తగిలించవచ్చు.

3. కుదింపు క్రమం

కుదింపును స్లైడు వారీగా మొదలుపెడితే నలభై స్లైడ్లు నలభై పొట్టి వాక్యాలుగా మారుతాయి తప్ప పుట తయారుకాదు. అందువల్ల మొదటి విడతలో స్లైడ్లను మూడు కుప్పలుగా విడదీయాలి: కారణాన్ని చెప్పేవి, యుద్ధ గమనాన్ని చెప్పేవి, ఫలితాన్ని చెప్పేవి. యుద్ధ గమనపు స్లైడ్లలో చాలా భాగం కారణాల పుటకు అవసరం లేదు. కాని వాటిని పూర్తిగా పక్కన పెట్టే ముందు ఒక పరిశీలన తప్పనిసరి. ఒక పోరాటం తరువాతి నిర్ణయాన్ని మార్చి ఉంటే అది గమనం కుప్పలో ఉన్నా కారణమే అవుతుంది. 1746 నాటి అడయారు పోరు అటువంటిది. దాని ప్రాధాన్యం కింద నాలుగవ భాగంలో కనిపిస్తుంది.

రెండవ విడతలో మిగిలిన ప్రతి అంశాన్ని కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యంగా రాయాలి. ‘హైదరాబాద్ వారసత్వ వివాదం’ అన్న శీర్షికను ‘నిజాం ఉల్ ముల్క్ మరణంతో కుమారుడు నాసిర్ జంగ్, దౌహిత్రుడు ముజఫర్ జంగ్ దక్కను సుబేదారీకి పోటీపడ్డారు’ అని విప్పాలి. ఈ దశలో రాత తగ్గడానికి బదులు పెరుగుతుంది. అది సహజమే. విప్పిన తరువాతే ఏ రెండు వాక్యాలు ఒకే విషయాన్ని చెబుతున్నాయో తెలుస్తుంది. వాటిని కలిపేస్తే నలభై స్లైడ్ల సామగ్రి దాదాపు పదిహేను వాక్యాలకు దిగుతుంది.

మూడవ విడతలో ఆ వాక్యాలను బాణాలతో కలపాలి. ప్రతి బాణం మీద ‘అందువల్ల’ అనే మాటను మనసులో చదివి చూడాలి. ఆ మాట అతికితే బాణం నిలుస్తుంది. ‘ఆ తరువాత’ అనే మాట మాత్రమే అతికితే అది కాలక్రమం మాత్రమే. అక్కడ బాణం బదులు చిన్న గీత చాలు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషువారు 1752 వరకు పాత పంచాంగాన్నే పాటించారు. ఫ్రెంచివారు అప్పటికే కొత్త పంచాంగంలో ఉన్నారు. రెండింటికీ పదకొండు రోజుల తేడా. కాబట్టి మద్రాసు పతనం ఒక స్లైడులో 1746 సెప్టెంబరు 10గా, మరొక స్లైడులో సెప్టెంబరు 21గా కనిపించవచ్చు. అంబూరు యుద్ధం ఒకచోట 1749 జూలై 23న, మరొకచోట ఆగస్టు 3న జరిగినట్లు ఉండవచ్చు. ఇవి రెండు సంఘటనలు కావు. రెండు పంచాంగాలు కలిసిపోతే పుటలో ఫలితం కారణానికి ముందు వచ్చే ప్రమాదం ఉంది. అందువల్ల పునశ్చరణ పత్రంలో సంవత్సరం, అవసరమైతే నెల రాయడం మంచిది. రోజు తప్పనిసరి అయినచోట అన్నింటికీ కొత్త పంచాంగాన్నే అనుసరించాలి.

4. మూడు యుద్ధాలు, మూడు వేర్వేరు శృంఖలలు

4.1. మొదటి యుద్ధం: ఐరోపా నుంచి తీరానికి

మొదటి యుద్ధపు గొలుసు ఐరోపాలో మొదలవుతుంది. 1744లో ఫ్రాన్సు, బ్రిటన్‌ల మధ్య యుద్ధం వచ్చినప్పుడు పుదుచ్చేరి గవర్నరు డూప్లే తటస్థతను కోరాడు. మద్రాసులోని కంపెనీ అధికారులకు బ్రిటిష్ రాజనౌకాదళంపై అధికారం లేదు. ఆ నౌకలు ఫ్రెంచి వాణిజ్య ఓడలను పట్టుకున్నాయి. ఐరోపాలో యుద్ధం ఇక్కడ నష్టంగా మారిన లంకె ఇదే. స్లైడులో ‘ఐరోపా యుద్ధం’ నుంచి ‘మద్రాసు ఆక్రమణ’కు నేరుగా బాణం గీస్తే, తటస్థత కోరిన వ్యక్తి దాడికి ఎందుకు పూనుకున్నాడో అర్థంకాదు. ఓడల నష్టాన్ని మధ్యలో చేర్చగానే బాణం అర్థవంతమవుతుంది.

డూప్లే అభ్యర్థనపై మారిషస్ నుంచి లాబూర్డనే నౌకలతో వచ్చాడు. ఇంగ్లీషు నౌకలు తీరాన్ని వదిలి వెళ్లడంతో 1746 సెప్టెంబరులో మద్రాసు ఫ్రెంచివారి వశమైంది. తన ఏలుబడిలో యుద్ధాన్ని నిషేధించిన ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్, మద్రాసును తనకు అప్పగించాలని పట్టుబట్టాడు. ఫ్రెంచివారు అప్పగించలేదు. నవాబు కుమారుడు మహఫూజ్ ఖాన్ పెద్ద సైన్యంతో వచ్చాడు. అడయారు నది ఒడ్డున పారడీ నాయకత్వంలోని ఫ్రెంచి దళం ఆ సైన్యాన్ని చెదరగొట్టింది. ఆ దళంలో యూరోపియన్లు, సిపాయిలు కలిసి వెయ్యిమందికి మించరు.

4.2. కూడలి: 1748

1748లో రెండు సంఘటనలు కలిశాయి. ఎక్స్-లా-షాపెల్ సంధితో ఐరోపా యుద్ధం ముగిసింది. ఉత్తర అమెరికాలోని లూయీబర్గ్ కోటకు బదులుగా మద్రాసు ఇంగ్లీషువారికి తిరిగి వచ్చింది. అదే సంవత్సరం దక్కనులో నిజాం ఉల్ ముల్క్ మరణించాడు. జాబితా పద్ధతిలో మొదటిది ‘మొదటి యుద్ధ ఫలితాలు’ అనే స్లైడులోనూ, రెండవది ‘రెండవ యుద్ధ కారణాలు’ అనే స్లైడులోనూ ఉంటుంది. వీటి మధ్య ఇరవై స్లైడ్ల దూరం ఉండవచ్చు. ఒక్క పుటలో వీటిని పక్కపక్కన ఉంచినప్పుడే రెండవ యుద్ధం అర్థమవుతుంది.

సంధి వల్ల రెండు కంపెనీల చేతిలోనూ పనిలేని సైన్యం మిగిలింది. ఆ సైన్యాన్ని పోషించడం ఖర్చుతో కూడిన పని. నిజాం మరణం వల్ల సైన్యం అవసరమైన వారసులు తయారయ్యారు. అడయారు పోరు వల్ల చిన్న శిక్షిత దళం పెద్ద అశ్వికసైన్యాన్ని ఎదుర్కోగలదన్న నమ్మకం ఏర్పడింది. సైన్యం ఉన్నవాడికి ఖర్చు, వారసత్వం కోరేవాడికి అవసరం, ఇద్దరికీ ఆ సైన్యపు విలువ మీద నమ్మకం: ఈ మూడూ ఒకే కాలంలో కలవడమే కూడలి. పుట మధ్యభాగాన్ని దీనికే కేటాయించాలి. మొదటి యుద్ధాన్ని ఐరోపా నడిపింది. రెండవ యుద్ధం మాత్రం ఐరోపాలో ఫ్రాన్సు, బ్రిటన్‌లు సంధిలో ఉండగానే జరిగింది. ‘ఐరోపా వైరం వల్ల కర్ణాటక యుద్ధాలు’ అనే ఒక్క వాక్యంతో మూడింటినీ కుదించిన పుట ఈ చోటనే విఫలమవుతుంది.

4.3. రెండవ యుద్ధం: వారసత్వం నుంచి సర్కారుల వరకు

మరాఠాల చెరనుంచి 1748లో విడుదలైన చందాసాహెబు ఆర్కాటును కోరాడు. అతడు పూర్వపు నవాబు దోస్త్ అలీ అల్లుడు. ముజఫర్ జంగ్ దక్కను సుబేదారీని కోరాడు. ఇద్దరూ డూప్లేతో చేతులు కలిపారు. 1749 ఆగస్టులో అంబూరు వద్ద అన్వరుద్దీన్ మరణించాడు. అతని కుమారుడు మహమ్మద్ అలీ తిరుచిరాపల్లి చేరాడు. ఫ్రెంచి అనుకూలుర మధ్య తాము చిక్కుకుంటామని భావించిన ఇంగ్లీషువారు మహమ్మద్ అలీని, నాసిర్ జంగ్‌ను బలపరిచారు.

ఇక్కడినుంచి గొలుసు రెండు పాయలుగా చీలుతుంది. స్లైడ్లు సాధారణంగా దక్షిణపు పాయను మాత్రమే అనుసరిస్తాయి: 1751లో క్లైవు ఆర్కాటు ముట్టడిని తట్టుకోవడం, 1752లో చందాసాహెబు హతుడు కావడం, 1754లో డూప్లేను ఫ్రాన్సుకు పిలిపించడం. తెలుగు ప్రాంత చరిత్రకు కీలకమైనది ఉత్తరపు పాయ. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ తన వెంట ఉన్న పఠాను నవాబుల కుట్రలో హతుడయ్యాడు. ముజఫర్ జంగ్ సుబేదారై బుస్సీ రక్షణలో హైదరాబాదుకు బయలుదేరాడు. 1751 ఫిబ్రవరిలో కడప సీమలోని రాయచోటి సమీపంలో, ఆ పఠాను నవాబులతోనే జరిగిన పోరులో అతడూ మరణించాడు. బుస్సీ వెంటనే సలాబత్ జంగ్‌ను సుబేదారుగా నిలబెట్టాడు.

సలాబత్ జంగ్ అధికారం బుస్సీ సైన్యంపై ఆధారపడింది. ఆ సైన్యానికి జీతాలు చెల్లించడానికి నిజాం ఖజానాలో నగదు చాలలేదు. అందువల్ల 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల ఆదాయాన్ని బుస్సీకి ఇచ్చారు. ‘సైనిక సహాయం, జీతాల బకాయి, భూమిశిస్తు అప్పగింత’ అనే ఈ మూడు మెట్ల వరుస మొత్తం పాఠంలో అన్నింటికన్నా ఎక్కువగా పునరావృతమయ్యే యంత్రాంగం. కంపెనీ వ్యాపారి భూమిపై హక్కుదారుగా మారిన తీరు ఇదే. పుటలో దీనిని పెద్ద అక్షరాలతో రాయదగినది.

4.4. మూడవ యుద్ధం: ఒక ఉపసంహరణ ఫలితం

1756లో మొదలైన ఏడేళ్ల యుద్ధం మూడవ కర్ణాటక యుద్ధానికి నిమిత్తం. ఈసారి నేపథ్యం మారింది. ఫ్రెంచివారి చేతిలో సర్కారుల శిస్తు ఉంది. 1757 ప్లాసీ తరువాత ఇంగ్లీషువారి చేతిలో బెంగాలు వనరులు ఉన్నాయి. 1758లో వచ్చిన లాలీ మద్రాసును పట్టుకోవడమే లక్ష్యంగా బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి పిలిచాడు. ఈ ఒక్క నిర్ణయం రెండు ఫలితాలను ఇచ్చింది. సలాబత్ జంగ్ దర్బారులో ఫ్రెంచి పలుకుబడి సడలింది. సర్కారుల్లో రక్షణ పలుచబడింది.

1757 జనవరి బొబ్బిలి యుద్ధానంతరం హతుడైన విజయరామరాజు స్థానంలో విజయనగరం సంస్థానానికి వచ్చిన ఆనందగజపతి, ఫ్రెంచివారితో విభేదించి ఇంగ్లీషువారి సహాయం కోరాడు. మద్రాసు తానే ముప్పులో ఉండటం వల్ల సహాయం బెంగాలు నుంచి రావలసివచ్చింది. క్లైవు పంపిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. ఫ్రెంచివారికి తోడుగా సైన్యంతో వస్తున్న సలాబత్ జంగ్ మే నెలలో ఇంగ్లీషువారితో సంధి చేసుకొని మచిలీపట్నం పరిసర భూములను వారికి ఇచ్చాడు. 1760 జనవరి నాటి వందవాసి యుద్ధాన్ని ఒక్క మలుపుగా చూపే స్లైడ్లు ఈ వరుసను వదిలేస్తాయి. వందవాసి నాటికే లాలీ ఉత్తరపు శిస్తును, హైదరాబాద్ మైత్రిని కోల్పోయి ఉన్నాడు.

5. తయారైన పుట

పై విశ్లేషణను ఒక ఏ4 పుటలో ఈ కింది విధంగా అమర్చవచ్చు.

నేపథ్యం: మొగలు అధికార క్షీణత, తీరంలో రెండు కంపెనీల వ్యాపార స్పర్ధ. (యుద్ధం ఎందుకు సాధ్యమైందో చెబుతాయి, ఎప్పుడో చెప్పవు.)

మొదటి యుద్ధం, 1746-48: ఫ్రాన్సు, బ్రిటన్‌ల యుద్ధం (1744) → తటస్థత కుదరలేదు → ఫ్రెంచి ఓడల నష్టం → లాబూర్డనే రాక → మద్రాసు ఆక్రమణ (1746) → నవాబుకు అప్పగించలేదు → అడయారు పోరు.

కూడలి, 1748: సంధితో మిగిలిన సైన్యం + నిజాం మరణంతో వచ్చిన వారసత్వ పోటీ + అడయారు ఇచ్చిన నమ్మకం → రెండవ యుద్ధం.

రెండవ యుద్ధం, 1749-54: డూప్లే, చందాసాహెబు, ముజఫర్ జంగ్‌ల కూటమి → అంబూరు (1749) → ఇంగ్లీషువారు మహమ్మద్ అలీ పక్షం.
దక్షిణపు పాయ: ఆర్కాటు (1751) → చందాసాహెబు మరణం (1752) → డూప్లే తొలగింపు (1754).
ఉత్తరపు పాయ: నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్‌ల మరణం → బుస్సీ బలంతో సలాబత్ జంగ్ (1751) → జీతాల బకాయి → సర్కారుల అప్పగింత (1753).

మూడవ యుద్ధం, 1758-63: ఏడేళ్ల యుద్ధం (1756) → లాలీ రాక → బుస్సీ ఉపసంహరణ (1758) → ఆనందగజపతి ఆహ్వానం + బెంగాలు వనరులు → చందుర్తి → మచిలీపట్నం → సలాబత్ జంగ్ సంధి (1759) → ఒంటరైన లాలీ → వందవాసి (1760) → పుదుచ్చేరి పతనం (1761) → పారిస్ సంధి (1763).

మూడింటినీ కలిపే యంత్రాంగం: సైనిక సహాయం → జీతాల బకాయి → భూమిశిస్తు.

ఈ పుటలో అడ్డంగా సాగే గొలుసులు మూడు. నిలువుగా వాటిని కలిపేవి రెండు: 1748 కూడలి, చివరి పంక్తిలోని యంత్రాంగం. పుట సరిగా వచ్చిందా లేదా అనేది ఈ నిలువు సంబంధాలను బట్టి తెలుస్తుంది. అవి లేని పుట మూడు చిన్న జాబితాలుగా మిగిలిపోతుంది.

6. పరీక్షించడం: కంటోన్మెంటుకు గీసిన బాణం

బాణాల నిలకడను పరీక్షించడానికి మంచి మార్గం ఒక లంకెను చేతితో మూసి, దాని ముందు వెనుకల అంశాలను ‘అందువల్ల’తో కలిపి చదవడం. ఆ లంకె లేకుండానే వాక్యం నమ్మదగినదిగా ఉంటే ఆ లంకె అనవసరం. వాక్యం తెగిపోతే అది ఉండి తీరాలి. ‘బుస్సీ ఉపసంహరణ’ను మూసి చూస్తే, లాలీ రాకనుంచి ఆనందగజపతి ఆహ్వానానికి దారి కనిపించదు. కాబట్టి అది నిలుస్తుంది. ‘పారడీ నాయకత్వం’ అనే వివరాన్ని మూసినా అడయారు నుంచి కూడలికి దారి చెడదు. అది ఉపన్యాసంలో ఉండవచ్చు గాని పుటకు అక్కరలేదు.

దీనికి వ్యతిరేక దిశలో దొర్లే పొరపాటు మితిమీరిన పొడవు గల బాణం. యాప్రాల్ పరిసరాల విద్యార్థికి చాలా సహజంగా తోచే వాక్యం ఒకటుంది: ‘1763లో ఫ్రెంచివారు ఓడిపోయారు, అందువల్ల సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడింది’. ఇది పరీక్షకు నిలవదు. పారిస్ సంధి తరువాత మూడు దశాబ్దాలకు కూడా హైదరాబాదులో ఫ్రెంచి సేనానుల ప్రభావం ఉంది. నిజాం అలీ కొలువులో రేమండ్ దళాలు ఉండటమే దానికి సాక్ష్యం. 1763ను కంటోన్మెంటుతో కలపాలంటే కనీసం ఈ లంకెలు కావాలి: 1766 సంధితో నిజాం అలీ ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి ఒప్పుకోవడం, 1795లో ఖర్దా వద్ద మరాఠాలతో పోరులో ఇంగ్లీషువారు తటస్థంగా ఉండటంతో నిజాం ఓడిపోవడం, అందువల్ల నిజాం రేమండ్ దళాలపై మరింత ఆధారపడటం, అప్పుడు ఫ్రాన్సుతో యుద్ధంలో ఉన్న ఇంగ్లీషువారికి ఆ దళాలు ముప్పుగా తోచడం, 1798 సెప్టెంబరు సైన్యసహకార సంధితో ఫ్రెంచి దళాలను రద్దుచేసి, నిజాం ఖర్చుతో ఇంగ్లీషు సైన్యాన్ని నిలపడం. ఆ సైన్యపు విడిది హుస్సేన్‌సాగరానికి ఉత్తరాన పెరిగింది. 1806లో నిజాం సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ అయింది.

ఈ లంకెలను విప్పిన తరువాత ఒక విశేషం బయటపడుతుంది. 1798 ఒప్పందం తరువాత రెండేళ్లకే, 1800 సంధిలో, ఆ సైన్యపు ఖర్చుకు బదులుగా నిజాం మైసూరు యుద్ధాల ద్వారా తనకు వచ్చిన జిల్లాలను ఇంగ్లీషువారికి అప్పగించాడు. అవే దత్తమండలాలు. అంటే 1753లో బుస్సీ విషయంలో కనిపించిన ‘సైన్యం, జీతం, భూమి’ యంత్రాంగమే 1800లో ఇంగ్లీషువారి చేతిలో మళ్లీ పనిచేసింది. 1763 నుంచి కంటోన్మెంటుకు నేరుగా బాణం గీసిన విద్యార్థికి ఈ పునరావృత్తి కనిపించదు. చివరి పంక్తిలో యంత్రాంగాన్ని విడిగా రాసుకున్న విద్యార్థి దానిని పోల్చుకోగలడు.

7. పరిమితులు

బాణం గుర్తు ఒక వాదాన్ని నిశ్చయంగా చూపిస్తుంది. చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయం ఉన్నచోట అది మోసం చేయగలదు. డూప్లేకు ముందునుంచే రాజ్యస్థాపన పథకం ఉందా, లేక సైన్యపు ఖర్చు రాబట్టుకునే ప్రయత్నంలో అవకాశాలను బట్టి అడుగులు వేశాడా అనేది వివాదాంశం. ఇటువంటిచోట చుక్కల బాణం గీసి, పక్కన ‘వివాదం’ అని రాయాలి. పరిశోధక విద్యార్థికి ఆ చుక్కల బాణాలే మొదట చూడవలసిన చోట్లు.

రెండవ పరిమితి కంపెనీల దృష్టికోణానికి సంబంధించినది. గొలుసులో కర్తలుగా గవర్నర్లు, సేనానులు, నవాబులు మాత్రమే కనిపిస్తారు. శిస్తు చెల్లించిన సర్కారుల రైతులు, సాహుకారులు, సిపాయిలు బాణాల కింద కనుమరుగవుతారు. ‘భూమిశిస్తు’ అనే ఒక్క మాటలో వారి కథంతా మూసుకుపోయింది. దానిని ఆ పుటలో విప్పడం సాధ్యం కాదు. అందువల్ల అధ్యాపకులు ఈ పుటను పాఠానికి ముందు పంచడం కన్నా, పాఠం తరువాత విద్యార్థిచేతనే తయారుచేయించడం ఉచితం. ఇతరులు గీసిన బాణాన్ని విద్యార్థి సంఘటనలాగే కంఠస్థం చేస్తాడు. తాను గీసిన బాణం విషయంలో ‘అందువల్ల’ అనే ప్రశ్నను ఒక్కసారైనా వేసుకొని ఉంటాడు.

8. ముగింపు

కర్ణాటక యుద్ధాల కారణాలను ఒక పుటకు కుదించేటప్పుడు మొదట వదలదగినవి వ్యక్తుల స్వభావాలు, పోరాటాల వివరాలు, రోజులతో కూడిన తేదీలు. వదలకూడనివి లంకెలు. ముఖ్యంగా 1748లో కలిసిన మూడు పరిస్థితులు, సైనిక సహాయం భూమిశిస్తుగా మారిన క్రమం, 1758లో బుస్సీ ఉపసంహరణ అనే మూడు చోట్లు పుటలో స్పష్టంగా ఉంటే, ఐరోపా సంధి తరువాత ఇక్కడ యుద్ధం ఎందుకు ఆగలేదు, సర్కారులు ఎందుకు చేతులు మారాయి అనే ప్రశ్నలకు విద్యార్థి తనంతట తాను సమాధానం చెప్పగలడు. ఈ రెండు ప్రశ్నలకు ఆ పుట చూసి సమాధానం రాయలేకపోతే, లోపం ఏ బాణంలో ఉందో వెతికి దానిని తిరిగి గీయవలసి ఉంటుంది.